జడ్జి మోడల్ జారుతోందా? పాస్, ఫెయిల్, 'తేలలేదు' వాటాలను గమనిస్తూ పట్టుకునే పద్ధతి

విద్యుత్ పంపిణీ సంస్థ ఒకటి వినియోగదారులకు తెలుగులో జవాబిచ్చే చాట్‌బాట్ నడుపుతోందనుకుందాం. బిల్లు గడువు, మీటరు మార్పు, కొత్త కనెక్షన్ లాంటి ప్రశ్నలు వస్తుంటాయి. రోజూ 400 జవాబులను తీసి, మరో భాషా మోడల్‌తో దిద్దిస్తారు. ఈ దిద్దే మోడల్‌నే జడ్జి అంటున్నాం. సంస్థ నిబంధనల పత్రంతో జవాబును పోల్చి అది మూడింటిలో ఒక తీర్పు చెబుతుంది: పాస్, ఫెయిల్, తేలలేదు. మూడోది, పత్రం చూసినా తప్పో ఒప్పో చెప్పలేకపోయినప్పుడు.

ఒక రోజు డాష్‌బోర్డులో పాస్ శాతం 78 నుంచి 83కి పెరిగింది. బాట్ బాగుపడిందని అందరూ సంతోషించారు. నిజానికి బాట్‌లో అక్షరం కూడా మారలేదు, మారింది జడ్జి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క రోజును విప్పి చూడడమే. అంకెలు లెక్క అర్థమవడానికి నేను తీసుకున్నవి. పద్ధతి మాత్రం ఏ జడ్జికైనా ఇదే.

మొదటి మెట్టు: ప్రతి తీర్పుతో పాటు ఏం రాసిపెట్టుకోవాలి

తీర్పు ఒక్కటే దాచుకుంటే, తర్వాత అది ఎందుకు మారిందో చెప్పే ఆధారం ఉండదు. ప్రతి వరుసలో తేదీ, జవాబు గుర్తింపు సంఖ్య, తీర్పు, జడ్జి రాసిన పూర్తి వివరణ, జడ్జి మోడల్ వెర్షన్ పేరు, జడ్జికి ఇచ్చిన సూచనల హ్యాష్, అంటే ఆ పాఠ్యం నుంచి లెక్కించే చిన్న గుర్తు ఉండాలి. సూచనల్లో ఒక్క కామా మారినా హ్యాష్ మారుతుంది. "నేనేం ముట్టుకోలేదు" అని ఎవరైనా మనస్ఫూర్తిగా చెప్పినా, హ్యాష్ అసలు సంగతి చెబుతుంది. మోడల్ వెర్షన్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 'తాజాది' అనే అర్థం వచ్చే పేరు వాడితే, ఆ పేరు వెనకున్న మోడల్ మనకు చెప్పకుండానే మారవచ్చు. తేదీతో కూడిన స్థిరమైన వెర్షన్ పేరు దొరికితే అదే వాడాలి.

ఇక్కడే చాలామంది చేసే తప్పు ఒకటుంది. జడ్జి ఇచ్చిన వాక్యంలోంచి తీర్పును మన కోడ్ ఏరుకోలేకపోతే దాన్ని కూడా 'తేలలేదు'లో వేసేస్తారు. ఇవి రెండూ వేరువేరు. ఒకటి జడ్జి ఆలోచించి చెప్పిన మాట, రెండోది మన కోడ్‌కు అర్థం కాని మాట. జడ్జి ఒక రోజు `pass` అనడానికి బదులు `**Pass**` అని రాయడం మొదలుపెడితే, ఈ రెండూ కలిసిన గంపలో 'తేలలేదు' వాటా అమాంతం పెరుగుతుంది. మీరేమో జడ్జి ఆలోచన ఎక్కడ మారిందా అని రెండు రోజులు వెతుకుతారు. అందుకే చదవలేకపోయిన వాటికి `parse_ok = false` అని విడిగా గుర్తు పెట్టి, నాలుగో గీతగా చూపించండి. మంచి రోజుల్లో అది సున్నా దగ్గరే ఉండాలి.

రెండో మెట్టు: బేస్‌లైన్

జడ్జి మీద నమ్మకం ఉన్న కాలం ఒకటి ఎంచుకోవాలి. అంటే మనుషులు కొన్ని తీర్పులు సరిచూసి "సరే, ఇది మనలాగే దిద్దుతోంది" అనుకున్న రోజులు. మన ఉదాహరణలో 20 రోజులు, రోజుకు 400 చొప్పున 8,000 తీర్పులు. వాటిలో పాస్ 72 శాతం, ఫెయిల్ 20, తేలలేదు 8.

ఇకపై ప్రతి రోజునూ పోల్చేది ఈ అంకెలతోనే, ఇదే బేస్‌లైన్. వీటిని గడ్డకట్టించి పక్కన పెట్టండి. 'గత ఏడు రోజుల సగటుతో పోల్చు' అనే కదిలే బేస్‌లైన్ చూడటానికి తెలివైనదిగా కనిపిస్తుంది గానీ, అదే అసలు ప్రమాదం. జడ్జి వారానికి అర శాతం చొప్పున జారితే, బేస్‌లైన్ కూడా దాని వెంటే జారుతుంది. ఏ వారం చూసినా పోయిన వారంలాగే ఉంటుంది. మూడు నెలల్లో ఆరు శాతం కదిలినా అలారం మోగదు.

మూడో మెట్టు: హద్దులు గీయడం

ఏ రోజూ సరిగ్గా 8 శాతమే రాదు. 400 జవాబులు ఏవి పడ్డాయన్న దాన్నిబట్టి కొంత ఊగుతుంది. ఎంత ఊగితే మామూలు, ఎంత ఊగితే అనుమానించాలి అన్నదానికి వంద ఏళ్ల నాటి సాధనమే చాలు. ఫ్యాక్టరీ వస్తువుల నాణ్యత కోసం వాల్టర్ షూహార్ట్ 1924లో గీసిన కంట్రోల్ చార్ట్ అది. వాటాల కోసం వాడే రూపాన్ని పి-చార్ట్ అంటారు. బేస్‌లైన్ వాటా `p`, ఒక రోజు తీర్పుల సంఖ్య `n` అయితే హద్దులు `p ± 3·√(p(1−p)/n)`.

```python
import math

def limits(p, n):
    w = 3 * math.sqrt(p * (1 - p) / n)
    return max(0, p - w), min(1, p + w)

def chi2(counts, base):
    n = sum(counts)
    return sum((c - n*b)**2 / (n*b)
               for c, b in zip(counts, base))

limits(0.08, 400)                        # 0.039, 0.121
chi2([290, 58, 52], [0.72, 0.20, 0.08])  # 18.56
```

మన అంకెలతో లెక్కిస్తే పాస్ 65.3 నుంచి 78.7 మధ్య, ఫెయిల్ 14 నుంచి 26 మధ్య, తేలలేదు 3.9 నుంచి 12.1 మధ్య ఊగవచ్చు. మూడు చార్టులూ రోజూ చూస్తే, ఏమీ జరగకపోయినా ఏడాదికి రెండు మూడు సార్లు హద్దు దాటడం సహజం. ఆ మాత్రం తప్పుడు అలారాలు భరించవచ్చు.

ఈ సూత్రం రెండు చోట్ల మోసం చేస్తుంది. రోజుకు 40 తీర్పులే ఉంటే 'తేలలేదు' పై హద్దు దాదాపు 21 శాతానికి పోతుంది, అప్పుడు వాటా రెండింతలైనా చార్టు పలకదు. అలాంటప్పుడు వారం మొత్తాన్ని ఒక చుక్కగా పెట్టాలి. రోజుకు 40,000 ఉంటే ఇబ్బంది తిరగబడుతుంది. హద్దు 8 శాతానికి అటూ ఇటూ 0.4 శాతమే అవుతుంది. కానీ బిల్లులొచ్చే వారంలో ప్రశ్నలు ఒకలా, కరెంటు పోయిన రోజు ఇంకోలా ఉంటాయి కాబట్టి వాటా సహజంగానే అంతకన్నా ఎక్కువ కదులుతుంది, రోజూ అలారమే. దీనికి మందు సులువు. బేస్‌లైన్ 20 రోజుల వాటాల ప్రామాణిక విచలనం నేరుగా లెక్కించండి. సూత్రంలోని `√(p(1−p)/n)` కన్నా అది పెద్దదైతే, దానికి మూడు రెట్లు తీసుకుని హద్దు గీయండి.

నాలుగో మెట్టు: అలారం మోగిన రోజు

ఇప్పుడు ఆ సంతోషపడిన రోజుకు వద్దాం. 400లో పాస్ 290, ఫెయిల్ 58, తేలలేదు 52. శాతాల్లో 72.5, 14.5, 13.

పాస్ గీత కదలనే లేదు. ఫెయిల్ కింది హద్దుకు ఆనుకుని ఉన్నా లోపలే ఉంది. 'తేలలేదు' మాత్రమే 12.1 దాటింది. మూడింటినీ కలిపి చూసే కై-స్క్వేర్ 18.56 వచ్చింది. మూడు వర్గాలకు, వెయ్యికి ఒకసారి మాత్రమే దాటే గీత 13.82. అంటే ఇది యాదృచ్ఛికంగా వచ్చిన ఊపు కాదని గట్టిగానే అనుకోవచ్చు.

మరి డాష్‌బోర్డు 83 అని ఎందుకు చూపింది? దాన్ని రాసినవారు 'తేలలేదు'ను పక్కనపెట్టి, పాస్‌ను పాస్, ఫెయిల్‌ల మొత్తంతో భాగించారు. బేస్‌లైన్‌లో అది 288ని 368తో భాగిస్తే 78.3. ఆ రోజు 290ని 348తో భాగిస్తే 83.3. పాస్‌లు రెండే పెరిగాయి. ఫెయిల్ కావాల్సినవి 'తేలలేదు'లోకి వెళ్లి భాజకంలోంచే మాయమయ్యాయి. జడ్జి నోరు తెరిచి తప్పు అనడం మానేస్తే బాట్ బాగుపడినట్టు కనిపిస్తుంది. అందుకే భాజకం ఎప్పుడూ మొత్తం తీర్పులే కావాలి, మూడు గీతలూ ఒకే తెరమీద ఉండాలి. ఈ వ్యాసంలో ఒక్క మార్పే చేయగలిగితే ముందు ఇది చేయండి.

ఐదో మెట్టు: జడ్జి మారిందా, ప్రశ్నలు మారాయా?

వాటాలు మారాయంటే జడ్జే మారిందని కాదు. మన బాట్‌కు ప్రశ్నలు రెండు రకాలుగా వస్తాయి. కొందరు తెలుగు లిపిలో రాస్తారు, కొందరు `naa bill enduku ekkuva vachindi` అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. రెండో రకంలో ఏ మాట ఏదో పోల్చుకోవడం కష్టం కాబట్టి, అక్కడ జడ్జి తేల్చలేకపోవడం ఎక్కువ. బేస్‌లైన్‌లో తెలుగు లిపి 75 శాతం, వాటిలో తేలనివి 6 శాతం. ఇంగ్లీషు అక్షరాలవి 25 శాతం, వాటిలో తేలనివి 14. కలిపితే 8.

రేపు ఫోన్ యాప్‌లో చాట్ పెట్టి, ఇంగ్లీషు అక్షరాల ప్రశ్నలు 75 శాతానికి పెరిగాయనుకోండి. జడ్జి ఏమాత్రం మారకపోయినా 'తేలలేదు' 12 శాతానికి చేరి హద్దు అంచున నిలబడుతుంది. కాబట్టి అలారం మోగగానే మొదట చేయాల్సింది, వర్గాలవారీగా విడదీసి చూడటం. మన రోజున తెలుగు లిపివి 300, వాటిలో తేలనివి 33, అంటే 11 శాతం. ఇంగ్లీషు అక్షరాలవి 100, తేలనివి 19. మిశ్రమం అదే, వాటా మాత్రం రెండు చోట్లా దాదాపు ఐదు చొప్పున పెరిగింది. కాబట్టి నింద మిశ్రమం మీద పడదు.

అయినా అనుమానం పూర్తిగా తీరదు. రెండు రకాల ప్రశ్నలూ ఒకేసారి కఠినమై ఉండవచ్చు. ఛార్జీలు మారిన మర్నాడు అలాగే జరుగుతుంది, కొత్త ప్రశ్నలకు పాత పత్రంలో జవాబు దొరకదు. దాన్ని తేల్చడానికే తర్వాతి మెట్టు.

ఆరో మెట్టు: మారని జవాబుల సెట్

కొట్టులో కాటా మీద అనుమానం వస్తే, బరువు తెలిసిన రాయి వేసి చూస్తాం. ఇక్కడా అంతే. బేస్‌లైన్ రోజుల్లోంచి 200 జవాబులు తీసి, ప్రశ్న, పత్రం, జవాబు మూడింటినీ యథాతథంగా దాచేయాలి. ఇద్దరు మనుషులు విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట కూర్చుని తేల్చుకున్న తీర్పు కూడా పక్కనే ఉండాలి. వారానికోసారి, జడ్జిలో ఏదైనా మార్చిన ప్రతిసారీ, అలారం మోగిన ప్రతిసారీ ఈ 200ను మళ్లీ దిద్దించాలి. ఇన్‌పుట్ మారలేదు కాబట్టి, తీర్పు మారితే కారణం జడ్జి వైపే.

ముందుగా సద్దు ఎంతో, అంటే ఏమీ మార్చకపోయినా తీర్పులు ఎంత ఊగుతాయో కొలవండి. మాటల ఎంపికలో యాదృచ్ఛికతను నియంత్రించే టెంపరేచర్‌ను సున్నా పెట్టినా భాషా మోడల్ ప్రతిసారీ ఒకే మాట చెబుతుందని హామీ లేదు. సర్వర్‌లో అభ్యర్థనలను ఏ గుంపులో కలిపి లెక్కించారన్నదాన్ని బట్టి కూడా చివరి దశాంశాలు మారి, అంచుమీద ఉన్న తీర్పు పల్టీ కొట్టవచ్చు. బేస్‌లైన్ వారంలోనే సెట్‌ను ఐదుసార్లు నడిపి, ఒక్కో జతలో ఎన్ని పల్టీలున్నాయో చూడండి. మన ఉదాహరణలో సగటున 200కు 4.

అలారం రోజు నడిపితే 17 పల్టీలు వచ్చాయి. మొత్తాన్ని కాక, ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్లాయో చూడాలి:

| పాత తీర్పు | కొత్తది: పాస్ | కొత్తది: ఫెయిల్ | కొత్తది: తేలలేదు |
|---|---|---|---|
| పాస్ (140) | 137 | 1 | 2 |
| ఫెయిల్ (44) | 1 | 32 | 11 |
| తేలలేదు (16) | 1 | 1 | 14 |

ఫెయిల్ నుంచి 'తేలలేదు'కు 11, తిరుగుదారిలో 1. ఊరికే సద్దు అయితే రాకపోకలు రెండువైపులా దాదాపు సమానంగా ఉండాలి. నాణేన్ని 12 సార్లు ఎగరేస్తే 11-1గానో ఇంతకన్నా ఏకపక్షంగానో పడటం దాదాపు 160లో ఒకసారి. గణితశాస్త్రంలో దీన్ని మెక్‌నెమార్ పరీక్ష అంటారు. పేరు గుర్తులేకపోయినా నాణెం లెక్క గుర్తుంటే చాలు.

ఈ పట్టికను అలారం లేని వారాల్లో కూడా చూడమని గట్టిగా చెబుతాను. పాస్ నుంచి ఫెయిల్‌కు 10, ఫెయిల్ నుంచి పాస్‌కు 10 వెళ్తే వాటాలు వెంట్రుకవాసి కదలవు. చార్టు నిశ్చలంగా ఉంటుంది, జడ్జి మాత్రం ఇరవై చోట్ల మాట మార్చి ఉంటుంది. వాటాల చార్టుకు ఎప్పటికీ కనబడని జారుడు ఇదే.

ఏడో మెట్టు: ఆ పదకొండూ చదవండి

లెక్కలు ఇక్కడితో ఆగుతాయి, ఇకపై చదవడమే పని. ఆ పదకొండులో ఒకటి ఇలా ఉందనుకోండి. వినియోగదారుడు "పాత బకాయి వాయిదాల్లో కట్టొచ్చా?" అని అడిగాడు. బాట్ "అవును, మూడు వాయిదాల్లో కట్టవచ్చు" అంది. పత్రంలో వాయిదాల మాటే లేదు. పోయిన నెల జడ్జి "ఆధారం లేని మాట, ఫెయిల్" అంది. ఈ రోజు అదే జవాబుకు "పత్రంలో ఈ ప్రస్తావన లేనందున నిర్ధారించలేను, తేలలేదు" అంది. మనుషుల తీర్పు ఫెయిల్. బాట్ సొంతంగా అల్లి చెప్పింది, దాన్ని నమ్మి ఎవరైనా గడువు దాటేస్తే కనెక్షన్ పోతుంది.

మిగతా పదీ చదివితే అదే వరస. పదకొండులో పదింటికి మనుషులు ఫెయిల్ అనే చెప్పి ఉన్నారు. అంటే జడ్జి మారడమే కాదు, తప్పు దిశలో మారింది. హ్యాష్ చూస్తే రెండు రోజుల కిందట సూచనలు మారినట్టు తేలింది. 'పత్రంలో లేని విషయం చెబితే ఫెయిల్' అన్న వాక్యం పక్కన ఎవరో 'పూర్తి ఆధారం లేనప్పుడు తేలలేదు అనండి' అని చేర్చారు. చేర్చినవారి ఉద్దేశం మంచిదే, అస్పష్టమైన జవాబులను జడ్జి బలవంతంగా ఫెయిల్ చేయకూడదనుకున్నారు. కానీ రెండు వాక్యాలూ ఒకే జవాబుకు వర్తిస్తే, జడ్జి మెత్తనిదాన్ని ఎంచుకుంది.

కారణాన్ని బట్టి పట్టిక ఆకారం మారుతుంది, అనుభవంతో ఇది కంటికి ఆనుతుంది. పత్రం మధ్యలో తెగిపోయి జడ్జికి చేరుతుంటే పాస్, ఫెయిల్ రెండింటి నుంచీ 'తేలలేదు'లోకి వలస పోతాయి, అదీ పొడవైన పత్రాల దగ్గరే. తెలుగులో దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. చాలా మోడళ్లలో అదే విషయానికి ఇంగ్లీషుకన్నా తెలుగు లిపికి ఎక్కువ టోకెన్లు, అంటే మోడల్ పాఠ్యాన్ని విడగొట్టుకునే ముక్కలు పడతాయి కాబట్టి, ఇంగ్లీషులో సరిపోయిన పరిమితి తెలుగులో ముందే నిండిపోతుంది. మోడల్ వెర్షన్ మారితే మాత్రం పల్టీలు ఒకే రకం జవాబులకు పరిమితం కాకుండా పట్టికంతా చెదిరి ఉండటం ఎక్కువ.

ఎనిమిదో మెట్టు: నెమ్మదిగా జారేదాన్ని పట్టడం

ఒకే రోజు దూకిన మార్పును హద్దులు పట్టుకుంటాయి. చిన్నచిన్నగా కదిలేదాన్ని పట్టుకోలేవు. 'తేలలేదు' వరసగా 8.75, 9.25, 8.5, 10, 9, 8.75, 10.25, 9.5 అని నడిస్తే ఏ చుక్కా 12.1 దగ్గరికి కూడా రాదు. కానీ ఎనిమిదీ మధ్యగీతకు పైనే ఉన్నాయి. ఇలా వరసగా ఎనిమిది చుక్కలు ఒకే వైపు పడితే అలారంగా లెక్కించే నియమం కంట్రోల్ చార్టులు వాడేవారికి పాతదే. బేస్‌లైన్ స్థిరంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. మధ్యగీత కూడా వెంట నడిచిపోతే చుక్కలు మళ్లీ దానికి రెండువైపులా పడుతూ ఉంటాయి.

మారని సెట్ కూడా పాతబడుతుంది. ఏడాది తర్వాత వచ్చే ప్రశ్నలకూ, అందులోని ప్రశ్నలకూ పోలిక తగ్గుతుంది. అందుకని వారానికి 30 తాజా జవాబులను, జడ్జి తీర్పు చూపకుండా, ఒక మనిషితో దిద్దించి జడ్జితో పోల్చండి. ఆ 30ని ఎంచుకునేటప్పుడు మూడు తీర్పుల నుంచీ పదేసి తీసుకోవడం మేలు. అన్నిటిలోంచి యాదృచ్ఛికంగా తీస్తే తేలనివి రెండో మూడో పడతాయి, వాటి గురించి ఏమీ తెలియదు. ఇంకో మాట: సూచనలు మెరుగుపరచడానికి ఆ 200 సెట్‌ను వాడకండి. జడ్జిని దానికే అలవాటు చేస్తే ఆ రాయి ఇక బరువు చెప్పదు.

తొమ్మిదో మెట్టు: సరిదిద్దాక లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

మన ఉదాహరణలో చేర్చిన వాక్యాన్ని తీసేసి, 200ను మళ్లీ నడిపితే పల్టీలు 5కి దిగాయనుకుందాం, అంటే పాత సద్దు స్థాయికే. కాబట్టి పాత బేస్‌లైన్ అలాగే కొనసాగుతుంది. మధ్యలో తప్పుగా దిద్దిన రెండు రోజుల 800 జవాబులను సరైన సూచనలతో మళ్లీ దిద్దించి, పాత తీర్పులను చెరపకుండా కొత్తవాటిని వాటి పక్కనే పెట్టాలి.

కొన్నిసార్లు మార్పు కావాలనే చేస్తాం. పాత మోడల్ వెర్షన్‌ను ఆపేస్తున్నారని తెలిస్తే వేరే దారి ఉండదు. అప్పుడు ఒక వారం పాటు పాత జడ్జి, కొత్త జడ్జి రెండింటితో అవే 2,800 జవాబులను దిద్దించండి. రెండింటి వాటాల మధ్య తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. చార్టు మీద ఆ తేదీన నిలువు గీత గీసి, గీతకు కుడివైపు కొత్త మధ్యగీత, కొత్త హద్దులు పెట్టాలి. రెండు ముక్కలనూ కలుపుతూ ఒకే గీత లాగితే, ఆరు నెలల తర్వాత చూసేవారు జడ్జి మారిన రోజును బాట్ మారిన రోజనుకుంటారు. కొత్త జడ్జి 11 శాతాన్ని తేల్చలేకపోతుంటే, మనుషులు ఆ 11లో కొన్ని చదివి అవి నిజంగానే తేలనివని ఒప్పుకున్నాకే దాన్ని కొత్త మధ్యగీతగా రాసుకోవాలి.